ఓవర్‌డిస్పర్షన్ ఉన్న పక్షుల లెక్కలకు నెగటివ్ బైనోమియలా, క్వాసీ-పాయిజానా: సమీక్షకుల ప్రశ్నకు జవాబు కావాలి

చెరువుగట్టు

నమస్కారం. పూడిక తీసిన చెరువులకూ తీయని చెరువులకూ మధ్య నీటిపక్షుల సంఖ్యలో తేడా ఉందా అన్న ప్రశ్నపై ఒక వ్యాసం రాసి పత్రికకు పంపాను. తెలంగాణలో 2015లో మిషన్ కాకతీయ మొదలైన తరువాత పూడిక తీసిన చెరువులు కొన్ని, ఇంకా తీయనివి కొన్ని ఎంచుకొని, మార్చి నెలలో ఒక్కొక్క చెరువు దగ్గర ఒక్కొక్క ఉదయం గట్టు మీద నుంచి టెలిస్కోపుతో పక్షులను లెక్కించాను. చెరువుల పరిమాణంలో చాలా వ్యత్యాసం ఉంది: ఒక హెక్టారు కుంటలూ ఉన్నాయి, వందల హెక్టార్ల పెద్ద చెరువులూ ఉన్నాయి. అందువల్ల వైశాల్యాన్ని ఆఫ్‌సెట్‌గా పెట్టి ఈ నమూనా వాడాను.

```r
m1 <- glm(birds ~ desilted + dist_road + offset(log(area)),
          family = poisson, data = d)
```

పియర్సన్ రెసిడ్యువల్స్ వర్గాల మొత్తాన్ని డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్‌తో భాగిస్తే ఫలితం 1కి దగ్గరగా ఉండవలసింది, నాకు పది దాటింది, అంటే లెక్కలు పాయిజాన్ అనుకునేదానికన్నా చాలా ఎక్కువగా చెదిరి ఉన్నాయి. సమీక్షకులలో ఒకరు "లెక్కల్లో ఓవర్‌డిస్పర్షన్ ఉంది, నెగటివ్ బైనోమియల్ వాడండి" అని ఒక్క వాక్యం రాశారు. `glm.nb` తో మళ్లీ చేశాను, θ విలువ 0.6 వచ్చింది. అయితే రెండు విషయాలు నన్ను ఇబ్బంది పెడుతున్నాయి. క్వాసీ-పాయిజాన్‌లో పూడిక తీసిన చెరువుల్లో పక్షులు తక్కువ అని వస్తే, నెగటివ్ బైనోమియల్‌లో తేడా దాదాపు లేదని వస్తోంది. పైగా నెగటివ్ బైనోమియల్ నమూనా అంచనాలన్నీ కూడితే వచ్చే మొత్తం, నేను నిజంగా లెక్కించిన పక్షుల మొత్తం కంటే చాలా ఎక్కువగా ఉంది. ఇది కోడులో పొరపాటా, లేక నమూనా స్వభావమే ఇదా? వ్యాసంలో దేనిని ఉంచాలి, సమీక్షకులకు ఏ కారణం చెప్పాలి?

ఆర్‌కోడు

ఇది పెద్ద సమస్య కాదని నా అభిప్రాయం. పాయిజాన్ నమూనా ఏఐసీనీ నెగటివ్ బైనోమియల్ ఏఐసీనీ పక్కపక్కన పెట్టండి, రెండవది వందల మేర తక్కువ ఉంటుంది. క్వాసీ-పాయిజాన్‌కు లైక్లీహుడ్ ఉండదు కాబట్టి దాని ఏఐసీ అడిగితే ఆర్ `NA` అని చూపిస్తుంది, అంటే పోటీలో మిగిలేది నెగటివ్ బైనోమియల్ ఒక్కటే. θ కూడా 1 కన్నా తక్కువే వచ్చింది కాబట్టి మీ ఓవర్‌డిస్పర్షన్ మరీ తీవ్రమైనదేమీ కాదు.

ఆర్‌లో ఉన్న `InsectSprays` డేటాపై రెండు నమూనాలనూ నడిపి చూశాను. ఆరు రకాల మందులు, ఒక్కొక్క దానికి పన్నెండు చొప్పున 72 లెక్కలు ఉన్నాయి. రెండింటిలోనూ కోఎఫిషియంట్లు అచ్చంగా ఒకటే, స్టాండర్డ్ ఎర్రర్లు మాత్రమే మారాయి. అందువల్ల ఏది వాడినా ఫలితం మారదు, మీ కోడులో ఎక్కడో తేడా ఉండి ఉంటుంది. సున్నాలు ఎక్కువగా ఉంటే జీరో-ఇన్‌ఫ్లేటెడ్ నమూనా కూడా ప్రయత్నించండి.

పైరుపరిశీలన

మా వరి పరిశోధనలో సుడిదోమను దుబ్బుకు ఎన్ని అని లెక్కిస్తాం. ఒక దుబ్బుపై ఏమీ ఉండదు, పక్క దుబ్బుపై యాభై ఉంటాయి. మేము ఎప్పటి నుంచో లెక్కకు 1 కలిపి లాగ్ తీసుకొని అనోవా చేస్తున్నాం, పత్రికలు అంగీకరిస్తున్నాయి. చెరువుకు బదులు మడి అనుకుంటే మీ సమస్య కూడా ఇలాంటిదే. ఇంత చర్చ అవసరమా అని సందేహం.

సంఖ్యాశాస్త్రి

చెరువుగట్టు గారు, మీ కోడులో పొరపాటు ఉందని నేను అనుకోవడం లేదు. మీరు చూసిన రెండు విషయాలకూ కారణం ఒక్కటే. దానికి ముందు ఆర్‌కోడు గారు చెప్పిన వాటిలో కొన్నింటిని సరిచేయాలి.

మొదటిది θ. `glm.nb` ఇచ్చే θ ఎంత చిన్నదైతే ఓవర్‌డిస్పర్షన్ అంత ఎక్కువ, ఎందుకంటే అక్కడ విస్తృతి μ + μ²/θ రూపంలో ఉంటుంది. 0.6 అంటే చాలా తీవ్రమైన వ్యాప్తి. అంత వ్యాప్తి ఉన్నప్పుడు సున్నాలు కూడా వాటంతట అవే వస్తాయి. సగటు 5, θ 0.6 అయితే సున్నా వచ్చే సంభావ్యత (0.6/5.6)^0.6, అంటే దాదాపు 0.26. అదే సగటుకు పాయిజాన్‌లో అది 0.007 మాత్రమే. నాలుగింట ఒక చెరువు ఖాళీగా కనిపించినంత మాత్రాన జీరో-ఇన్‌ఫ్లేటెడ్ నమూనా అవసరమని చెప్పలేం.

రెండవది ఏఐసీ. పాయిజాన్ కంటే నెగటివ్ బైనోమియల్ ఏఐసీ తక్కువ రావడం వల్ల తెలిసేది పాయిజాన్ సరిపోదన్న సంగతి ఒక్కటే, అది మనకు ముందే తెలుసు. నెగటివ్ బైనోమియల్‌కూ క్వాసీ-పాయిజాన్‌కూ మధ్య తీర్పు ఆ సంఖ్య చెప్పదు. ఏఐసీ లేదు కనుక క్వాసీ-పాయిజాన్ పోటీలో లేదనడం, కొలిచే బద్ద పొడవు చాలలేదు కనుక వస్తువే లేదనడం వంటిది.

ఇక అసలు విషయం. ఈ రెండు నమూనాలూ విస్తృతి గురించి రెండు వేర్వేరు మాటలు చెబుతాయి. క్వాసీ-పాయిజాన్ ప్రకారం విస్తృతి సగటుకు అనులోమంగా పెరుగుతుంది. నెగటివ్ బైనోమియల్ ప్రకారం సగటు పెద్దదయ్యేకొద్దీ దాదాపు సగటు వర్గంలా పెరుగుతుంది. ఇది స్టాండర్డ్ ఎర్రర్లకు మాత్రమే సంబంధించిన సంగతి కాదు, ఎందుకంటే నమూనాను అమర్చేటప్పుడు ఏ పరిశీలనకు ఎంత బరువు ఇవ్వాలో నిర్ణయించేది విస్తృతే. క్వాసీ-పాయిజాన్‌లో బరువు μకి అనులోమం. నెగటివ్ బైనోమియల్‌లో అది μ/(1 + μ/θ), ఇది ఎప్పటికీ θను దాటదు. మీ θ 0.6 కాబట్టి, 2 పక్షులు ఉండవచ్చని అంచనా ఉన్న కుంటకు బరువు 0.46, 300 పక్షులు ఉండవచ్చని అంచనా ఉన్న పెద్ద చెరువుకు బరువు 0.60. అంటే పెద్ద చెరువుకు కుంట కన్నా 1.3 రెట్ల బరువు మాత్రమే ఉంది. క్వాసీ-పాయిజాన్‌లో అదే చెరువుకు కుంటకు ఇచ్చినదానికి 150 రెట్ల బరువు ఉంటుంది. ఒకే పట్టికను ఇంత భిన్నంగా తూచినప్పుడు జవాబు మారకపోతేనే ఆశ్చర్యం.

`InsectSprays` లో తేడా ఎందుకు రాలేదంటే, అక్కడ ఉన్నది ఒక్క వర్గీకరణ చలరాశే. ఆఫ్‌సెట్ లేదు, నిరంతర చలరాశి లేదు. ఒక గుంపులోని పరిశీలనలన్నిటికీ ఒకే μ ఉన్నప్పుడు బరువులు కూడా ఒకటే అవుతాయి, అందుకే ఏ నమూనా వాడినా ఆ గుంపు అంచనా దాని మామూలు సగటే. ఆ డేటాలో పియర్సన్ నిష్పత్తి 1.51, కాబట్టి క్వాసీ-పాయిజాన్ స్టాండర్డ్ ఎర్రర్లు 1.23 రెట్లు పెరుగుతాయి, అంతకు మించి ఏమీ జరగదు. పైరుపరిశీలన గారి దుబ్బుల లెక్క కూడా చాలావరకు ఈ కోవలోనిదే. ఒకే పరిమాణం గల యూనిట్లతో ప్రణాళిక ప్రకారం చేసిన ప్రయోగానికీ, ఒకటి నుంచి వందల హెక్టార్ల వరకు వ్యాపించిన చెరువులకూ పోలిక కుదరదు. లాగ్ తీసిన తరువాత వచ్చే సగటును వెనక్కు మార్చితే అది జ్యామితీయ సగటుకు దగ్గరి విలువ అవుతుంది తప్ప పక్షుల సగటు సంఖ్య కాదన్నది వేరే సమస్య.

చెరువుగట్టు

ధన్యవాదాలు. బరువుల సంగతి అర్థమైంది. మొత్తం ఎక్కువ రావడం దీనితో ఎలా ముడిపడుతుందో ఒక చిన్న ఉదాహరణతో చూపగలరా? సమీక్షకులకు కూడా అదే చూపవచ్చు.

సంఖ్యాశాస్త్రి

తప్పకుండా. కింది అంకెలు విషయం స్పష్టంగా కనిపించడానికి నేను కావాలని కూర్చినవి, ఎక్కడా లెక్కించినవి కావు. ఐదు చెరువులు, వాటి వైశాల్యం హెక్టార్లలో 1, 2, 2, 5, 40. పక్షులు వరుసగా 6, 8, 14, 20, 52. మొత్తం 50 హెక్టార్లలో 100 పక్షులు. ఆఫ్‌సెట్ తప్ప ఇంకే చలరాశీ లేదు. θను 4 అని స్థిరంగా పట్టుకుందాం.

```r
library(MASS)
a <- c(1, 2, 2, 5, 40)
y <- c(6, 8, 14, 20, 52)
exp(coef(glm(y ~ 1 + offset(log(a)), family = quasipoisson)))
exp(coef(glm(y ~ 1 + offset(log(a)), family = negative.binomial(4))))
```

మొదటిది హెక్టారుకు సరిగ్గా 2 పక్షులు అంటుంది, ఎందుకంటే క్వాసీ-పాయిజాన్ చేసేది మొత్తం పక్షులను మొత్తం వైశాల్యంతో భాగించడమే. రెండవది హెక్టారుకు సుమారు 4.1 అంటుంది. చెరువు వారీగా సాంద్రతలు 6, 4, 7, 4, 1.3 కాబట్టి వాటి మామూలు సగటు 4.46. నెగటివ్ బైనోమియల్ ఈ సగటు వైపు జరిగింది, చిన్న చెరువులకూ 40 హెక్టార్ల చెరువుకూ దాదాపు సమాన గౌరవం ఇచ్చింది కనుక. ఇప్పుడు 4.1ని 50 హెక్టార్లతో గుణిస్తే 205 పక్షులు వస్తాయి. మనం లెక్కించినవి 100. లాగ్ లింకు గల పాయిజాన్, క్వాసీ-పాయిజాన్ నమూనాల్లో ఇంటర్‌సెప్ట్ ఉంటే అంచనాల మొత్తం పరిశీలనల మొత్తానికి తప్పక సమానమవుతుంది. నెగటివ్ బైనోమియల్‌కు ఆ హామీ లేదు.

దీనిని ఎకాలజీ పత్రికలో 2007లో వెర్ హోఫ్, బోవెంగ్ అనే ఇద్దరు స్పష్టంగా చూపించారు. అలాస్కాలో హార్బర్ సీల్‌లను విమానం నుంచి లెక్కించిన డేటా వారిది. సీల్‌లు చేరే చోట్లలో కొన్నింట వందల సంఖ్యలో, చాలా చోట్ల కొద్దిగా ఉంటాయి. వారికి కావలసింది మొత్తం సంఖ్య కాబట్టి, పెద్ద గుంపులున్న చోట్లకు ఎక్కువ బరువు ఇచ్చే క్వాసీ-పాయిజానే తమ పనికి తగినదని తేల్చారు. వారి తీర్పును ప్రతి డేటాకూ వర్తింపజేయాలని నేను అనడం లేదు. ఏ ప్రశ్నకు ఎవరి బరువు కావాలి అన్న ఆలోచన మాత్రం మీకూ అవసరమే. "పూడికతీత వల్ల ఈ ప్రాంతంలో పక్షుల మొత్తం తగ్గిందా" అనేది మీ ప్రశ్న అయితే పెద్ద చెరువులు నిర్ణయించాలి. "ఏదో ఒక చెరువులో పూడిక తీస్తే అక్కడ సాంద్రత ఎన్ని రెట్లు మారుతుంది" అనేది ప్రశ్న అయితే ప్రతి చెరువూ ఒక ప్రయోగం వంటిది, అప్పుడు నెగటివ్ బైనోమియల్ తూకం సమంజసంగా ఉంటుంది.

ఆర్‌కోడు

θ విషయంలో నేను తలకిందులుగా చదివాను, అంగీకరిస్తున్నాను. అయితే ప్రశ్నను బట్టి నమూనా ఎంచుకోమంటే, ఫలితం నచ్చినదాన్ని ఎంచుకునే వీలు కలుగుతుంది కదా? డేటా ఏ విస్తృతి రూపాన్ని సమర్థిస్తుందో చూసే మార్గం లేదా?

సంఖ్యాశాస్త్రి

ఉంది, మీ అభ్యంతరం న్యాయమైనదే. పాయిజాన్ నమూనా అంచనాలను చిన్నవాటి నుంచి పెద్దవాటి వరకు ఎనిమిది గుంపులు చేసి, ఒక్కొక్క గుంపులో రెసిడ్యువల్ వర్గాల సగటును గీయండి.

```r
mu <- fitted(m1)
g  <- cut(mu, quantile(mu, 0:8/8), include.lowest = TRUE)
plot(tapply(mu, g, mean), tapply((d$birds - mu)^2, g, mean))
```

చుక్కలు సున్నా నుంచి సరళరేఖలా లేస్తే క్వాసీ-పాయిజాన్ రూపం, పైకి వంగుతూ లేస్తే నెగటివ్ బైనోమియల్ రూపం. రెండు అక్షాలనూ లాగ్‌లో గీస్తే వాలు 1కి దగ్గరా 2కి దగ్గరా అన్నది ఇంకా తేలికగా కనిపిస్తుంది. చివరి గుంపులో చెరువులు కొన్నే ఉంటాయి కాబట్టి ఆ ఒక్క చుక్కను చూసి తీర్పు ఇవ్వకూడదు. ఒక్క చెరువును తీసివేస్తే రేఖ ఆకారం మారిపోతే, ఈ డేటాకు ఆ ప్రశ్నకు జవాబిచ్చే శక్తి లేదని వ్యాసంలో రాయడమే మర్యాద.

రెక్కలలెక్క

నాకు గణాంకశాస్త్రం పెద్దగా తెలియదు, కానీ ఏళ్లుగా చెరువుల దగ్గర పక్షులను లెక్కిస్తున్నాను. ఒక సందేహం. నత్తగుల్ల కొంగలు ఒక చోట దిగితే గుంపుగా దిగుతాయి, నలభై ఉంటాయి, లేకపోతే ఒక్కటీ ఉండదు. గుడ్డికొంగ అలా కాదు, ఒడ్డు వెంబడి దూరం దూరంగా ఒంటరిగా నిలబడి ఉంటుంది. ఈ రెండింటినీ కలిపి "నీటిపక్షులు" అని ఒకే అంకెగా వేసినప్పుడు, ఆ వ్యాప్తికి ఒక్క సూత్రం ఎలా సరిపోతుంది?

చెరువుగట్టు గారికి మరో ప్రశ్న. మీరు `area` అని వాడినది ఏ వైశాల్యం? నీటిపారుదల శాఖ పట్టికలోని ఎఫ్‌టీఎల్ వైశాల్యమా, అంటే చెరువు పూర్తిగా నిండినప్పటిదా, లేక లెక్కించిన రోజున నిజంగా నీరు ఉన్న మేర వైశాల్యమా? మార్చి నాటికి చాలా చెరువుల్లో నీరు నడిమధ్యకు చేరుతుంది. నిండుకుండలా కాగితం మీద ఉన్న చెరువుకు ఆ ఉదయం మోకాలి లోతు మడుగు మాత్రమే మిగిలి ఉండవచ్చు.

చెరువుగట్టు

ఎఫ్‌టీఎల్ వైశాల్యమే వాడాను, అన్ని చెరువులకూ ఒకే మూలం నుంచి దొరికేది అదే. పూర్తిగా ఎండిన చెరువులను మాత్రం విశ్లేషణ నుంచి తీసివేశాను. పూడిక తీసిన చెరువుల్లో లోతు పెరిగింది కనుక మార్చిలో కూడా వాటిలో నీరు ఎక్కువ మేర నిలిచి ఉందని నా క్షేత్ర నోట్సులో ఉంది.

సంఖ్యాశాస్త్రి

రెక్కలలెక్క గారు వేసిన రెండు ప్రశ్నలూ మా పంపిణీల చర్చ కంటే విలువైనవి. వైశాల్యం గురించి ముందు చెబుతాను.

ఆఫ్‌సెట్ పెట్టడమంటే, వైశాల్యం రెట్టింపైతే పక్షులు కచ్చితంగా రెట్టింపవుతాయని నమూనాకు ఆజ్ఞాపించడం. నా ఐదు చెరువుల ఉదాహరణలో ఆ ఆజ్ఞతో పాయిజాన్ అమరిస్తే పియర్సన్ నిష్పత్తి 14.2 వస్తుంది, చూసిన వెంటనే ఘోరమైన ఓవర్‌డిస్పర్షన్ అంటాం. ఇప్పుడు ఆఫ్‌సెట్ తీసివేసి, `log(a)`ను మామూలు చలరాశిగా పెట్టి దాని వాలును డేటానే చెప్పనివ్వండి.

```r
m <- glm(y ~ log(a), family = poisson)
sum(residuals(m, "pearson")^2) / df.residual(m)
```

వాలు సుమారు 0.53 వస్తుంది, నిష్పత్తి 0.8 దగ్గరకు పడిపోతుంది. అదే డేటా, అదే పాయిజాన్, ఓవర్‌డిస్పర్షన్ మాత్రం మాయమైంది. ఐదు అంకెల నుంచి మూడు డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్‌తో తేలే సత్యం ఏమీ లేదని నాకు తెలుసు, నేను చూపదలచినది యంత్రాంగం మాత్రమే. ఒకే ఆకారం గల చెరువుల్లో ఒడ్డు పొడవు వైశాల్యపు వర్గమూలంతో పెరుగుతుంది కాబట్టి, ఒడ్డున లోతులేని నీటిలో మేసే పక్షులకు వాలు 1 కన్నా 0.5కి దగ్గరగా ఉండటం సహజమే. అలాంటప్పుడు నెగటివ్ బైనోమియల్, క్వాసీ-పాయిజాన్ రెండూ తప్పు సగటును వేర్వేరు తూకాలతో తూచి రెండు తప్పు జవాబులు ఇస్తాయి. సగటు నమూనా సరైనదైతే, సరిపడా డేటా ఉన్నప్పుడు ఆ రెండింటి జవాబులు సాధారణంగా దగ్గరకు వస్తాయి. అందువల్ల రెండూ విడిపోవడాన్ని, సగటు ఎక్కడో చెడిందన్న సూచనగా నేను చూస్తాను.

మీ విషయంలో ఇంకొక చిక్కు ఉంది. పూడికతీత వల్లే మార్చిలో నీటి విస్తీర్ణం మారితే, ఎఫ్‌టీఎల్ వైశాల్యంలోని దోషం రెండు గుంపుల్లో ఒకే విధంగా ఉండదు. అప్పుడు పూడికతీత ప్రభావమూ వైశాల్యపు దోషమూ కలిసిపోతాయి. లెక్కించిన రోజుకు దగ్గరి తేదీ సెంటినెల్-2 చిత్రంలో నీటి సూచిక వేసి విస్తీర్ణం కొలవండి. మార్చిలో ఆకాశం చాలావరకు నిర్మలంగా ఉంటుంది, పది మీటర్ల పిక్సెల్ కాబట్టి ఒక హెక్టారు కుంటకు కూడా వంద పిక్సెళ్లు వస్తాయి. గుర్రపుడెక్క కమ్మిన నీరు మాత్రం ఆ సూచికలో నేలలాగే కనిపించవచ్చు, అలాంటి చెరువులను మీ ఫొటోలతో సరిచూసుకోవాలి.

ఒక హెచ్చరిక: నీటి విస్తీర్ణాన్ని నమూనాలో పెట్టిన తరువాత మిగిలే పూడికతీత కోఎఫిషియంట్, నీటి విస్తీర్ణం ఒకటే ఉన్నప్పుడు కనిపించే తేడా. పూడిక తీయడం వల్ల నీరు ఎక్కువ కాలం నిలవడం ద్వారా పక్షులకు కలిగే మేలు అందులో ఉండదు. మీకు ఏది కావాలో ముందు నిర్ణయించుకోండి.

మిశ్రమనమూనా

గుంపుల ప్రశ్నకు నేను జవాబిస్తాను, ఇందులో పంపిణీ ఎంపికకు ఉపయోగపడే విషయం ఉంది. చెరువు మీదకు వచ్చే గుంపుల సంఖ్య పాయిజాన్ అనుకుందాం, గుంపులో ఎన్ని పక్షులుంటాయన్నది చెరువుతో సంబంధం లేకుండా ఒకే తీరుగా మారుతుందనుకుందాం. అప్పుడు పక్షుల మొత్తం విస్తృతి సగటుకు అనులోమంగానే పెరుగుతుంది, అంటే క్వాసీ-పాయిజాన్ రూపం. అలా కాక, ఒక చెరువు మంచిదై పక్క చెరువు నాసిరకమై, మనం కొలవని చేపలు, లోతు, వేట వంటి కారణాల వల్ల సగటే కొన్ని రెట్లు మారుతుంటే, అది నెగటివ్ బైనోమియల్ రూపానికి దారితీస్తుంది. నత్తగుల్ల కొంగలకు మొదటిది, గుడ్డికొంగలకు రెండవది దగ్గరగా ఉండవచ్చు. రెండింటినీ కలిపి ఒక్క అంకెగా వేయకపోవడమే మేలు.

ఏఐసీ లేదన్న బాధకు కూడా ఒక మార్గం ఉంది. `glmmTMB` లో `nbinom1` కుటుంబం విస్తృతిని సగటుకు అనులోమంగా ఉంచుతుంది, `nbinom2` మామూలు నెగటివ్ బైనోమియల్. రెండింటికీ పూర్తి లైక్లీహుడ్ ఉంది కాబట్టి ఏఐసీతో పోల్చవచ్చు, వాటి నుంచి డేటాను సిమ్యులేట్ చేసి రెసిడ్యువల్స్ పరీక్షించవచ్చు.

```r
library(glmmTMB)
n2 <- glmmTMB(birds ~ desilted + dist_road + log(wet_area),
              family = nbinom2, data = d)
n1 <- update(n2, family = nbinom1)
AIC(n1, n2)
```

నా దృష్టిలో ఇక క్వాసీ-పాయిజాన్‌తో పనే లేదు.

సంఖ్యాశాస్త్రి

చివరి వాక్యంతో నేను ఏకీభవించను. `nbinom1` విస్తృతి రూపం క్వాసీ-పాయిజాన్‌దే అయినా, దాని లైక్లీహుడ్‌ను గరిష్ఠం చేసినప్పుడు వచ్చే సమీకరణాలు పాయిజాన్ సమీకరణాలు కావు. అంచనాల మొత్తం పరిశీలనల మొత్తానికి సమానం కావాలన్న గుణం అక్కడ ఉండదు, పంపిణీ ఆకారం తప్పైతే సగటు అంచనా కూడా జరగవచ్చు. క్వాసీ-పాయిజాన్‌కు కావలసింది సగటు సరిగా ఉండటమే, విస్తృతి రూపం కొంత తప్పినా దాని కోఎఫిషియంట్లు నిలబడతాయి. స్టాండర్డ్ ఎర్రర్లకు శాండ్‌విచ్ అంచనా వాడుకోవచ్చు. రెండు విస్తృతి రూపాలను పోల్చడానికి `nbinom1` మంచి సాధనం, అంతవరకు మీతో ఉన్నాను.

మిశ్రమనమూనా

చెరువులు ఇంత తక్కువ ఉన్నప్పుడు శాండ్‌విచ్ అంచనా స్టాండర్డ్ ఎర్రర్లను తక్కువ చేసి చూపుతుంది. ఒకటి రెండు పెద్ద చెరువులే ఫలితాన్ని నడిపిస్తుంటే ఇంకా ఎక్కువ. ఆకారం తప్పవచ్చన్న భయంతో లైక్లీహుడ్‌ను వదులుకోవడం కన్నా, ఆకారాన్ని సిమ్యులేషన్‌తో పరీక్షించడం మంచిదని నా మాట. ఈ విషయంలో మనిద్దరికీ కుదరదు, సరే.

పైరుపరిశీలన

నేను ప్రశ్నను సరిగా చదవలేదని ఇప్పుడు తెలుస్తోంది. మా మడులన్నీ ఒకే కొలత కాబట్టి ఆఫ్‌సెట్ అనే మాటే మాకు తగలలేదు. అయితే దీపపు ఎర లెక్కల్లో రాత్రికి ఎన్ని గంటలు దీపం వెలిగింది అన్నది మారుతూ ఉంటుంది, కరెంటు కోతల వల్ల. అక్కడ మేము గంటలతో భాగించి సగటు వేస్తున్నాం. అది కూడా మీరు చెప్పిన అనులోమపు ఆజ్ఞేనా?

సంఖ్యాశాస్త్రి

అదే. సుడిదోమ ఎక్కువగా సాయంత్రం తొలి గంటల్లో దీపానికి వస్తే, తెల్లవారుజామున పోయిన గంటకూ సాయంత్రం పోయిన గంటకూ ఒకే విలువ కట్టడం తప్పవుతుంది. మొత్తం గంటలకు బదులు తొలి గంటలను విడిగా పెట్టి చూడండి.

చెరువుగట్టు

గుంపుల గ్రాఫు గీశాను. ఎఫ్‌టీఎల్ ఆఫ్‌సెట్‌తో ఉన్న నమూనాలో చుక్కలు మొదట సరళంగా లేచి చివరి రెండు గుంపుల్లో ఒక్కసారిగా పైకి వెళ్తున్నాయి. ఆ గుంపుల్లోని పెద్ద చెరువుల్లో దాదాపు అన్నిటిలోనూ నమూనా అంచనా కన్నా పక్షులు తక్కువగా ఉన్నాయి, ఒక్క చెరువులో మాత్రం చాలా ఎక్కువ. అంటే అక్కడ ఉన్నది వ్యాప్తి మాత్రమే కాదు, ఒకే వైపు ఒరిగిన లోపం కూడా. ఆఫ్‌సెట్‌కు బదులు `log(area)` పెట్టినప్పుడు వాలు 1 కన్నా స్పష్టంగా తక్కువ వచ్చింది, విశ్వాస అంతరంలో 1 లేదు. పియర్సన్ నిష్పత్తి సగానికి పైగా తగ్గింది కానీ 1కి రాలేదు. క్వాసీ-పాయిజాన్, నెగటివ్ బైనోమియల్ ఇచ్చే పూడికతీత కోఎఫిషియంట్లు ఇప్పుడు ఒకే దిశలో ఉన్నాయి, పరిమాణం ఇంకా కొంత భిన్నంగా ఉంది.

సెంటినెల్ చిత్రాలతో నీటి విస్తీర్ణం కొలిచిన తరువాత, గుంపుగా తిరిగే జాతులను, ఒంటరిగా మేసే జాతులను విడివిడిగా నడుపుతాను. సమీక్షకులకు రాసే జవాబులో, వారు సూచించిన నమూనానూ క్వాసీ-పాయిజాన్‌నూ పక్కపక్కన చూపి, రెండూ ఎక్కడ విడిపోతున్నాయో బరువుల ఆధారంగా వివరించాలని అనుకుంటున్నాను. నా ప్రశ్న చెరువు స్థాయి ప్రభావం గురించినది కాబట్టి ప్రధాన పట్టికలో నెగటివ్ బైనోమియల్‌నే ఉంచుతాను, ప్రాంతం మొత్తం సంఖ్యకు మాత్రం దానిని వాడను.

ఒకటి మిగిలింది. నా చెరువుల్లో చాలావరకు గొలుసుకట్టు చెరువులు, పై చెరువు అలుగు పారితే కింది చెరువుకు నీరు చేరుతుంది. ఒకే గొలుసులోని చెరువులను స్వతంత్ర పరిశీలనలుగా లెక్కించవచ్చా?

మిశ్రమనమూనా

గొలుసును రాండమ్ ఎఫెక్ట్‌గా పెట్టండి, `(1 | chain)`. ఒకే గొలుసులోని చెరువుల నీటి స్థితి ఒకేలా ఉంటుంది కాబట్టి అవసరమే. గొలుసులు ఆరేడు మాత్రమే ఉంటే దాని విస్తృతి అంచనా బలహీనంగా ఉంటుందని మరవవద్దు. ఒక గొలుసులోని చెరువులన్నిటిలోనూ పూడిక తీసి, మరో గొలుసులో అసలు తీయకపోయి ఉంటే మాత్రం, మీ నిజమైన నమూనా పరిమాణం చెరువుల సంఖ్య కాదు, గొలుసుల సంఖ్య.

రెక్కలలెక్క

రాండమ్ ఎఫెక్ట్ ఒకే గొలుసులోని చెరువులు ఒకదానిలాగా మరొకటి ఉంటాయని అనుకుంటుంది కదా. పక్షుల విషయంలో అది తిరగబడవచ్చు. పై చెరువు గట్టు మీద ఎవరైనా గొర్రెలను తోలుకొస్తే అక్కడి నీటికాకులన్నీ లేచి కింది చెరువులో దిగుతాయి. ఒకచోట తగ్గినన్నీ పక్కచోట పెరుగుతాయి. ఈ రెండు చెరువులనూ ఒకే ఉదయం లెక్కించారా, వేర్వేరు రోజుల్లోనా?

చెరువుగట్టు

కొన్ని గొలుసుల్లో ఒకే ఉదయం, ఎక్కువ వాటిలో వేర్వేరు రోజుల్లో. తేదీలు ఉన్నాయి.

సంఖ్యాశాస్త్రి

అయితే ఒకే ఉదయం లెక్కించిన జంటల రెసిడ్యువల్స్ మధ్య సహసంబంధాన్ని విడిగా చూడండి. అది రుణాత్మకంగా వస్తే, మామూలు రాండమ్ ఇంటర్‌సెప్ట్ దానిని పట్టుకోలేదు, విస్తృతి సున్నా అని చూపి ఊరుకుంటుంది. ఆ గొలుసుల లెక్కలను కలిపి ఒకే యూనిట్‌గా వేయడం ఒక మార్గం, కానీ పూడిక తీసినదీ తీయనిదీ ఒకే గొలుసులో ఉంటే ఆ పోలిక పోతుంది. దీనికి నా దగ్గర శుభ్రమైన పరిష్కారం లేదు.